బాత్ సీటు బిడ్డను కూర్చోబెడుతుంది, కాపలా కాయదు

బారసాలకో అన్నప్రాశనకో వచ్చే కానుకల్లో ఇప్పుడు హైదరాబాద్ ఇళ్ళలో తరచుగా కనిపించేది బాత్ సీటు. నడుము చుట్టూ పట్టే ప్లాస్టిక్ రింగు, కాళ్ళు దూర్చడానికి రెండు ఖాళీలు, అడుగున రబ్బరు కప్పులు. కూర్చోవడం అప్పుడే నేర్చుకుంటున్న బిడ్డను అందులో దించి, సీటును టబ్బు అడుగుకు అతికిస్తే తల్లికి రెండు చేతులూ ఖాళీ అవుతాయి. సబ్బు రాసిన ఎనిమిది నెలల బిడ్డను ఒక చేత్తో పట్టుకుని, మరో చేత్తో నీళ్ళు పోయడం ఎంత కష్టమో తెలిసినవారికి ఇది పెద్ద సాయంగానే అనిపిస్తుంది. అది చేసే మేలు నిజమే. కానీ ఆ సీటు చేసే పని ఒక్కటే: బిడ్డను నిటారుగా కూర్చోబెట్టడం. మునగకుండా ఆపడం దాని పని కాదు. తయారీదారులే దాని మీద ఆ మాట చిన్న అక్షరాలతో ముద్రిస్తారు.

ఈ రెండింటి మధ్య తేడా చాలామందికి అందడం లేదు. కొనేవారు దాన్ని భద్రతా పరికరంగా కొంటున్నారు. బిడ్డ కదలకుండా కూర్చుని బొమ్మతో ఆడుకుంటుంటే చూసేవారి మనసు సడలుతుంది, చేయి పక్కకు వెళుతుంది, ఆ తరువాత చూపు, ఆ తరువాత మనిషి. సీటు వల్ల వచ్చే అసలు ప్రమాదం ప్లాస్టిక్‌లో లేదు. పెద్దవారిలో అది కలిగించే ఈ ధీమాలో ఉంది.

ఎంత నీటికి ఎంత ప్రమాదం

పసిపిల్లలు మునగడానికి రెండు మూడు సెంటీమీటర్ల నీరు చాలు అంటే చాలామంది అతిశయోక్తి అనుకుంటారు. కారణం తెలిస్తే అలా అనుకోరు. మునగడం అంటే ఒళ్ళంతా నీటిలోకి వెళ్ళడం కాదు. ముక్కూ నోరూ నీటిలో ఉండి, వాటిని పైకి తీయలేకపోవడం. అంటే చూడవలసింది నీరు బిడ్డ నడుము దాకా ఉందా, ఛాతీ దాకా ఉందా అని కాదు. బిడ్డ పడిపోతే ముక్కు ఎంత ఎత్తులో ఉంటుంది అని.

ఎనిమిది నెలల బిడ్డ కూర్చున్నప్పుడు ముక్కు నేల నుంచి ఒక అడుగు ఎత్తున ఉంటుంది. ఆ భంగిమలో టబ్బులో ఐదు సెంటీమీటర్ల నీరు ఏమీ చేయదు. వెల్లకిలా పడితే తల వెనుక భాగం అడుగున ఆనుతుంది, ముక్కు దాదాపు పన్నెండు సెంటీమీటర్ల పైన ఉంటుంది. అప్పుడు కూడా ఐదు సెంటీమీటర్లు ముఖం మీదికి రావు, పది సెంటీమీటర్లకు పైబడితే వస్తాయి. పక్కకు ఒరిగితే ముక్కు ఎత్తు అందులో సగానికి పడిపోతుంది. బోర్లా పడితే ముక్కూ నోరూ నేరుగా అడుగుకే తాకుతాయి. అప్పుడు రెండు సెంటీమీటర్లైనా ఒకటే, ఇరవై అయినా ఒకటే.

లోతు తగ్గించడం ఎంతవరకు పనికొస్తుందో ఈ లెక్క చెబుతుంది. తక్కువ నీరు వెల్లకిలా పడిన బిడ్డకు ఊపిరి మిగులుస్తుంది, పక్కకు ఒరిగిన బిడ్డకు కొంత అవకాశం ఇస్తుంది, బోర్లా పడిన బిడ్డకు ఏమీ ఇవ్వదు. కాబట్టి లోతు తగ్గించి తీరాలి, కానీ లోతు తక్కువగా ఉంది కదా అని అక్కడి నుంచి కదలకూడదు.

పెద్దవారమైతే బోర్లా పడగానే చేతులు ఆనించి తల ఎత్తుతాము. ఈ వయసు పిల్లల తల ఒంటితో పోలిస్తే పెద్దది, బరువైనది. మెడ కండరాలకు, భుజాలకు ఇంకా బలం చాలదు. పొడి పరుపు మీద బోర్లా తిరిగి తల ఎత్తే బిడ్డ కూడా సబ్బు నీటితో జారే టబ్బులో ఆ పని చేయలేదు. చేతులు నిలవవు. పుట్టినప్పుడు నీరు ముఖానికి తగిలితే ఊపిరి బిగపట్టే సహజ స్పందన ఒకటి ఉంటుంది. దాన్ని చూసి పసిపిల్లలకు ఈత వచ్చునని కొందరు నమ్ముతారు. అది తొలి నెలల్లోనే మాసిపోతుంది, ఉన్నంత కాలమైనా తల ఎత్తే బలాన్ని ఇవ్వదు.

ఇంకొక విషయం తల్లిదండ్రులను ఎక్కువగా మోసం చేస్తుంది. మునుగుతున్న బిడ్డ ఏడవదు. ఏడవాలంటే ముందు గాలి పీల్చాలి. గాలికి బదులు నీరు వస్తే గొంతు బిగుసుకుంటుంది, శబ్దం రాదు. చేతులు కొట్టుకోవడం కూడా కొద్ది క్షణాలే. గది బయట ఉన్నవారికి వినిపించేది నిశ్శబ్దం, దాన్ని వారు "హాయిగా ఆడుకుంటోంది" అని అర్థం చేసుకుంటారు. రెండు నిమిషాల్లోపే స్పృహ పోవచ్చు. నాలుగైదు నిమిషాలు దాటితే మెదడుకు శాశ్వతంగా దెబ్బ తగులుతుంది. "ఏదైనా అయితే వినిపిస్తుంది కదా" అన్న నమ్మకానికి ఇక్కడ చోటు లేదు.

సీటు ఎలా విఫలమవుతుంది

బాత్ సీట్ల మీద ఎక్కువ అనుభవం, ఎక్కువ రికార్డులు ఉన్నది అమెరికాలో. అక్కడ ఇవి 1980ల నుంచి ఇళ్ళలోకి వచ్చాయి. 1983 నుంచి 1995 వరకు వీటిలో ఉండగా మునిగి చనిపోయిన 32 మంది శిశువుల ఉదంతాలను పరిశీలించిన అధ్యయనం ఒకటి 1997లో అక్కడి పిల్లల వైద్యుల సంఘం పత్రికలో వచ్చింది. అత్యధిక సందర్భాల్లో కనిపించింది ఒకే తీరు: పెద్దవారు కొద్దిసేపు పక్కకు వెళ్ళారు. 2000లో వినియోగదారుల సంఘాలు వీటిని పూర్తిగా నిషేధించాలని ప్రభుత్వాన్ని కోరాయి. నిషేధం రాలేదు. 2010లో అక్కడి వినియోగ వస్తువుల భద్రతా కమిషన్ తప్పనిసరి ప్రమాణాన్ని తెచ్చింది. అప్పటికి దాని లెక్కలోకి వచ్చిన మరణాలు 170 దాటాయి.

ఆ ఉదంతాల్లో సీటు విఫలమైన తీరులు ప్రధానంగా మూడు. మొదటిది, రబ్బరు కప్పులు ఊడిపోవడం. బిడ్డ బొమ్మ కోసం ముందుకు వంగుతుంది, బరువు ఒక వైపుకు వెళుతుంది, కప్పు పట్టు వదులుతుంది, సీటు మొత్తం ఒరిగిపోతుంది. ఇక్కడ దారుణం ఏమిటంటే కాళ్ళు ఖాళీల్లో ఇరుక్కుని ఉంటాయి కాబట్టి బిడ్డ పక్కకు దొర్లి బయటపడే అవకాశం కూడా ఉండదు. ఆదుకోవలసిన సీటే ముఖాన్ని నీటిలో అదిమి ఉంచుతుంది. రెండవది, కిందికి జారిపోవడం. సబ్బుతో ఒళ్ళు జారుడుగా ఉన్నప్పుడు సన్నని బిడ్డ కాళ్ళ ఖాళీలో నుంచి కిందికి జారుతుంది, రింగుకు చంకలైనా గడ్డమైనా తట్టుకుని ఆగుతుంది. మూడవది, ఎక్కి బయటికి రావడం. తొమ్మిది పది నెలలకు పిల్లలు దేన్నైనా పట్టుకుని లేచి నిలబడాలని చూస్తారు. రింగే వారికి పట్టుకొమ్మ అవుతుంది.

ఈ మూడూ కలిపి చూస్తే సీటు పనికొచ్చే కాలం ఎంత చిన్నదో తెలుస్తుంది. ఆసరా లేకుండా స్థిరంగా కూర్చోలేని బిడ్డను అందులో పెట్టకూడదు, అంటే ఐదారు నెలల లోపు వద్దు. పట్టుకుని లేవడం మొదలైన రోజు నుంచి అసలే వద్దు, అది చాలామందికి పది నెలల లోపే వస్తుంది. మధ్యలో మిగిలేది మూడు నాలుగు నెలలు. పెట్టె మీద ఏ వయసు రాసి ఉన్నా బిడ్డ చేసే పనులను బట్టే తేల్చుకోవాలి.

అమెరికాలో ప్రమాణం మారాక చాలా సీట్లు రబ్బరు కప్పులను వదిలి స్నానపు తొట్టి అంచును బిగించి పట్టుకునే చేతితో రావడం మొదలైంది. ఆ తొట్లు మన ఇళ్ళలో అరుదు. మనం సీటును వాడేది బేగంబజార్‌లోనో ఆన్‌లైన్‌లోనో కొన్న పల్చని ప్లాస్టిక్ టబ్బులో, లేదా నేరుగా బాత్రూమ్ నేల మీద. టబ్బు అడుగు కొద్దిగా వంపు తిరిగి, బిడ్డ కదిలినప్పుడల్లా కిందికీ పైకీ వంగుతుంది. అంచును పట్టే సీటు ఆ టబ్బుకు అమరదు, రబ్బరు కప్పు ఆ వంపు మీద నిలవదు. కొత్త ఫ్లాట్లలో బాత్రూమ్ నేలకు వేసేవి జారకుండా గరుకు చేసిన పలకలు. రబ్బరు కప్పు పట్టాలంటే కింద గాలి చొరబడని నునుపు ఉండాలి, గరుకు పలక మీద సన్నని సందుల్లో నుంచి గాలి చేరి నిమిషాల్లో వదిలేస్తుంది. బోరు నీటి ఉప్పు పేరుకున్న చోటా అంతే. పెట్టిన క్షణంలో గట్టిగా పట్టినట్టే ఉంటుంది కాబట్టి పరీక్షించినా తెలియదు. పట్టు పోయేది తరువాత.

మెడ చుట్టూ వేసే గాలి రింగులు మరొకటి. వాటిలో వేలాడుతూ నీటిలో తేలే పసిపిల్లల వీడియోలు ఫోన్లలో తిరుగుతున్నాయి. 2022లో అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ వీటి మీద హెచ్చరిక జారీ చేసింది, వీటి వల్ల ఒక శిశువు చనిపోయిందని కూడా చెప్పింది. గాలి తగ్గితే బిడ్డ అందులో నుంచి జారిపోతుంది, గాలి ఎక్కువైతే మెడను నొక్కుతుంది. వాటిని ఏ వయసులోనూ వాడవద్దని గట్టిగా చెబుతాను.

నిజాంపేటలో ఒక ఉదయం

ఒక సందర్భాన్ని ఊహించుకుందాం. నిజాంపేటలో మూడో అంతస్తు ఫ్లాట్. భర్త ఆఫీసుకు వెళ్ళాడు, అత్తగారు ఊరికి వెళ్ళారు. ఆ రోజు నీళ్ళు వచ్చే రోజు. నగరంలో చాలా ప్రాంతాలకు మంజీర, కృష్ణా నీరు రోజు విడిచి రోజు వస్తుంది కాబట్టి వచ్చిన రోజున బకెట్లు, డ్రమ్ములు నింపి పెట్టుకోవడం అలవాటు. తల్లి ఎనిమిది నెలల పాపను సీటులో కూర్చోబెట్టింది. టబ్బు కోడిగుడ్డు ఆకారంలో, డెబ్బై సెంటీమీటర్ల పొడవు, నలభై వెడల్పు. ఇలాంటి టబ్బులో ఒక సెంటీమీటరు లోతు పెరగడానికి సుమారు రెండుంపావు లీటర్లు పడతాయి. అంటే ఐదు సెంటీమీటర్లకు లీటరు మగ్గుతో పదకొండు మగ్గులు.

పాప సీటులో కాస్త ఎత్తుగా కూర్చుంది, ఐదు సెంటీమీటర్ల నీరు తొడల దాకానే వచ్చింది. ఒళ్ళు చల్లబడుతుందేమోనని తల్లి కుళాయి సన్నగా తిప్పి వదిలింది. ఈ పని సీటు వాడే ఇళ్ళలో సహజంగా జరుగుతుంది. బిడ్డ నిటారుగా, ఎత్తుగా ఉండడంతో అదే నీరు తక్కువగా కనిపిస్తుంది, ఇంకొంచెం పోయాలనిపిస్తుంది. అప్పుడే తలుపు గంట మోగింది. పార్సిల్ తెచ్చినవాడు ఓటీపీ అడిగాడు, ఫోను హాల్లో లేదు, పడకగదిలో ఉంది. వెతికి, అంకెలు చదివి, తలుపు వేసి వచ్చేసరికి మూడు నిమిషాలు.

ఆ మూడు నిమిషాల్లో కుళాయి ఏం చేసింది? నిమిషానికి ఎనిమిది లీటర్లు వచ్చే సాధారణ కుళాయి అయితే ఇరవై నాలుగు లీటర్లు పోస్తుంది. అంటే లోతు పది సెంటీమీటర్లకు పైగా పెరిగి పదిహేను దాటుతుంది. సన్నగా తిప్పి సగమే వస్తోందనుకున్నా పది దాటుతుంది. వెల్లకిలా పడినా ఊపిరి మిగిలే లోతు నుంచి, ఏ వైపు పడినా ముఖం మునిగే లోతుకు నీరు ఎదిగింది. నీరు పెరిగే కొద్దీ బిడ్డ ఒళ్ళు కొద్దిగా తేలుతుంది, సీటు మీద బరువు తగ్గుతుంది, రబ్బరు కప్పుల మీద ఒత్తిడి సడలుతుంది. బొమ్మ తేలుతూ చేతికి అందనంత దూరం వెళుతుంది. పాప దాని కోసం వంగుతుంది.

ఇందులో ఆ తల్లిని నిందించడానికి ఏమీ లేదు. ఆమె తలుపు తీయడం మామూలు పని, నీరు వెచ్చగా ఉండాలనుకోవడం ప్రేమ. తప్పంతా పనుల వరుసలో ఉంది. బిడ్డ లోపల ఉండగా కుళాయి తిరిగి ఉండకూడదు. నీరు ముందే పోసి, వేడి చూసి, కుళాయి కట్టేశాకే బిడ్డను దించాలి. బిడ్డ దిగితే లోతు ఒక సెంటీమీటరు దాకా పెరుగుతుంది కాబట్టి ఈ టబ్బులో తొమ్మిది మగ్గులు పోస్తే చాలు. కొలవడానికి చూపుడు వేలు చాలు: నిలువుగా ముంచితే కొస నుంచి రెండో కణుపు దాకా వచ్చేది దాదాపు ఐదు సెంటీమీటర్లు. అమెరికా పిల్లల వైద్యులు చెప్పే లోతు ఇదే, రెండు అంగుళాలు. బ్రిటన్ ప్రభుత్వ ఆరోగ్య సేవ ఎనిమిది నుంచి పది సెంటీమీటర్ల దాకా చెబుతుంది. పైన చూసిన ముక్కు ఎత్తుల లెక్కను బట్టి తక్కువ లోతువైపే నేను మొగ్గుతాను. పైన ఒళ్ళు చల్లబడకుండా తడిపిన మెత్తని గుడ్డ ఒకటి ఛాతీ మీద కప్పి, దాని మీద మగ్గుతో వెచ్చని నీరు పోస్తూ ఉంటే లోతు పెంచవలసిన అవసరమే రాదు.

వేడి సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. 37, 38 డిగ్రీలు, అంటే మోచేతి లోపలి వైపు తగిలితే వెచ్చగా ఉండాలి, వేడిగా కాదు. టబ్బులో ముందు చన్నీళ్ళు, తరువాత గీజరు నీళ్ళు. గీజరు నీరు 60 డిగ్రీలుంటే కొద్ది సెకన్లలోనే చర్మం కాలుతుంది. నీళ్ళు కాచే రాడ్డు బకెట్‌లో ఉండగా బిడ్డ ఆ గదిలో ఉండనే కూడదు.

కాళ్ళ మీద స్నానం

మన ఇళ్ళలో అమ్మమ్మలు, నాయనమ్మలు చేయించే స్నానంలో సీటు లేదు, టబ్బు లేదు. పీట మీద కూర్చుని కాళ్ళు చాపి, మోకాళ్ళ కింద బిడ్డను పడుకోబెట్టి, మగ్గుతో నీళ్ళు పోస్తారు. నీరు పోసినంత వేగంగా జాలీలోకి పోతుంది. బిడ్డ చుట్టూ నీరు నిలవదు. పోసేవారి రెండు కాళ్ళూ, ఒక చేయీ ఎప్పుడూ బిడ్డకు తగిలి ఉంటాయి, లేచి వెళ్ళాలన్నా కుదరదు. మునిగిపోకుండా కాపాడే రెండు పెద్ద షరతులు, నీరు నిలవకపోవడమూ చేయి వదలకపోవడమూ, ఈ పద్ధతిలో వాటంతట అవే నెరవేరుతున్నాయి. కొత్త పరికరం కొనే ముందు ఈ మాట తూకం వేసి చూడవలసిందే.

ఈ పద్ధతికీ లోపాలు ఉన్నాయి. నూనె మర్దన అయ్యాక బిడ్డ చేతిలో నుంచి జారవచ్చు. బోర్లా పడుకోబెట్టి నీళ్ళు పోసేటప్పుడు ముఖం కాళ్ళ సందులో నీటికి ఎదురుగా ఉండకూడదు, ధార ముఖం మీద పడకూడదు. కఫం తీయడానికి నోట్లో వేలు పెట్టడం, ముక్కులో నూనె వేసి ఊదడం మానాలి, ఆ నూనె ఊపిరితిత్తుల్లోకి వెళ్ళి న్యుమోనియా తెస్తుంది. జాలీ మూసుకుపోయి నీరు నిలిచే బాత్రూమ్ అయితే ముందు దాన్ని బాగుచేయాలి. ఇంత మోకాళ్ళ నొప్పుల్లో కూర్చోలేమనే అమ్మమ్మలు ఉన్నారు. వారికి చిన్న ఎత్తు బల్ల, కింద రబ్బరు చాప చాలు.

చేయి అందే దూరం

పిల్లల వైద్యులు స్నానంలో పర్యవేక్షణ అన్నప్పుడు చూపును లెక్కలోకి తీసుకోరు, చేతి దూరాన్ని తీసుకుంటారు. కూర్చున్నచోటు నుంచి కదలకుండా బిడ్డను తాకగలగాలి. తలుపు దగ్గర నిలబడి చూడడం, వంటగదిలో నుంచి తొంగి చూడడం, కెమెరాలో గమనించడం ఈ లెక్కలోకి రావు. అక్క నాలుగేళ్ళది, "చూస్తూ ఉండమ్మా" అని చెప్పి వెళ్ళడం కూడా రాదు. ఆ పిల్లకు ప్రమాదాన్ని గుర్తించే వయసు లేదు, తడిసిన చెల్లెలిని ఎత్తే బలం లేదు. పైగా ఇద్దరినీ ఒకే టబ్బులో కూర్చోబెడితే పెద్ద పిల్ల కదలికకే చిన్నది ఒరిగిపోవచ్చు.

ఇది పాటించడానికి చేయవలసిందంతా స్నానానికి ముందే ఉంది. తువ్వాలు, బట్టలు, డైపరు, సబ్బు అన్నీ చేతికందే చోట ఉండాలి. పొయ్యి ఆపి ఉండాలి. ఫోను పక్క గదిలో ఉండాలి, ఒళ్ళో కాదు. గంట మోగితే మోగనివ్వాలి. తప్పనిసరిగా లేవవలసి వస్తే బిడ్డను తువ్వాలులో చుట్టి వెంట తీసుకుపోవాలి. తడిసిన బిడ్డకు రెండు నిమిషాల చలి వల్ల ఏమీ కాదు.

ఇంట్లో ఒంటరిగా ఉన్న రోజు స్నానం మానేసినా నష్టం లేదు. పాకడం మొదలుపెట్టని పిల్లలకు వారానికి రెండు మూడు స్నానాలు సరిపోతాయి. మిగతా రోజుల్లో వెచ్చని నీటిలో ముంచిన గుడ్డతో మెడ మడతలు, చంకలు, డైపరు భాగం తుడిస్తే చాలు. ఇది చెబితే పెద్దలు ఒప్పుకోరని నాకు తెలుసు, రోజూ నీళ్ళు పోయకపోతే బిడ్డ ఎదగదంటారు. ఎదుగుదలకు స్నానంతో సంబంధం లేదు. రాత్రంతా నిద్రలేని బాలింత, జ్వరంతో ఉన్న తల్లి, నిద్ర వచ్చే మందులు వాడేవారు ఆ పూట స్నానాన్ని వేరేవారికి అప్పగించాలి. మూర్ఛ ఉన్నవారు ఇంట్లో మరొకరు లేకుండా బిడ్డకు టబ్బు స్నానం చేయించకూడదు. వారికి గుడ్డతో తుడవడం, అదీ నేల మీద పరుపు వేసి, మంచి పద్ధతి.

స్నానం కాగానే టబ్బును బోర్లించాలి. బిడ్డకు బట్టలు వేశాక కాదు, ఎత్తుకున్న వెంటనే, ఒక చేత్తో.

పక్కన నిండుగా ఉన్న బకెట్

టబ్బు గురించి ఇంత శ్రద్ధ తీసుకుని, దాని పక్కనే ఇరవై లీటర్ల బకెట్‌ను అంచు దాకా నింపి వదిలే ఇళ్ళు మనవి. పాకే వయసు బిడ్డకు స్నానపు టబ్బుకంటే ఇది పెద్ద ప్రమాదం. అమెరికాలో ఐదు గ్యాలన్ల బకెట్లలో పిల్లలు మునిగి చనిపోవడాన్ని పరిశీలించినప్పుడు ఎక్కువమంది ఎనిమిది నుంచి పద్నాలుగు నెలల మధ్యవారు. ఐదు గ్యాలన్లంటే పంతొమ్మిది లీటర్లు, అంటే అచ్చం మన బకెట్. దాని అంచు నిలబడిన బిడ్డ ఎత్తులో దాదాపు సగానికి వస్తుంది. అంచు పట్టుకుని లోపలికి తొంగి చూస్తే బరువైన తల ముందుకు లాగుతుంది, తలకిందులుగా లోపలికి పోతుంది. నిండు బకెట్ బరువుగా ఉండి పక్కకు ఒరగదు. ఒరిగి ఉంటే నీరు ఒలికిపోయి బిడ్డ బతికేది.

నీళ్ళు నిల్వ చేయకుండా ఈ నగరంలో కాపురం నడవదు, ముఖ్యంగా ఏప్రిల్, మే నెలల్లో ట్యాంకరు కోసం ఎదురుచూసే చోట. కాబట్టి చెప్పవలసింది నిల్వ మానమని కాదు. బిడ్డ పాకడం మొదలైనప్పటి నుంచి మూత బిగించే డ్రమ్ములోనే నిల్వ, వాడగానే బకెట్ బోర్లించడం, బాత్రూమ్ తలుపుకు బయట వైపు పెద్దవారి భుజం ఎత్తున గొళ్ళెం. కింద ఉండే గొళ్ళాన్ని ఏడాదిన్నర బిడ్డ తీసేస్తుంది. ఇంటి పనికి వచ్చేవారు తుడిచే బకెట్‌ను హాల్లో వదిలి వంటగదిలోకి వెళ్ళే అలవాటు గురించి కూడా మర్యాదగా, స్పష్టంగా మాట్లాడాలి. సంపు మూత మీద ఎప్పుడూ తాళం ఉండాలి.

నీటిలో నుంచి తీసిన బిడ్డ

బిడ్డ ముఖం నీటిలో కనిపిస్తే చేయవలసింది మొదట తీయడం, రెండవది గట్టిగా అరవడం. తలకిందులుగా వేలాడదీయడం, పొట్ట నొక్కి నీరు కక్కించడం, భుజాన వేసుకుని పరిగెత్తడం చేయకూడదు. పొట్ట నొక్కితే కడుపులోని పాలు, నీరు ఊపిరితిత్తుల్లోకి వెళతాయి, అమూల్యమైన క్షణాలు పోతాయి. బిడ్డను గట్టి నేల మీద వెల్లకిలా పడుకోబెట్టి తలను తిన్నగా, పైకి చూస్తున్నట్టు ఉంచాలి, మరీ వెనక్కి వంచకూడదు. పది సెకన్లకు మించకుండా ఊపిరి ఉందా చూడాలి.

ఊపిరి లేకపోతే మన నోటితో బిడ్డ ముక్కునూ నోటినీ కలిపి మూసి, ఛాతీ కొద్దిగా లేచేంత గాలి మెల్లగా ఊదాలి. మునిగిన బిడ్డకు మొదట లోటు గాలికే కాబట్టి ఊదడంతోనే మొదలుపెట్టాలి, ఐదు సార్లు. అప్పటికీ కదలిక రాకపోతే రెండు చేతులతో ఛాతీని చుట్టి, రెండు బొటనవేళ్ళను చనుమొనల గీతకు కాస్త కింద, ఎదురొమ్ము ఎముక మీద ఆనించి, నాలుగు సెంటీమీటర్ల దాకా నొక్కి వదలాలి. నిమిషానికి నూరు నుంచి నూట ఇరవై వేగంతో ముప్పై నొక్కులు, తరువాత రెండు ఊపిరులు, మళ్ళీ ముప్పై. ఇంట్లో మరొకరు ఉంటే వారు వెంటనే 108కు ఫోన్ చేయాలి. ఎవరూ లేకపోతే రెండు నిమిషాలు ఇది చేశాక బిడ్డను ఎత్తుకునే ఫోను దగ్గరికి వెళ్ళి, స్పీకరు పెట్టి, ఆపకుండా కొనసాగించాలి. 108 సేవ 2005లో ఇదే నగరంలో మొదలైంది, ఫోనులో ఉన్నవారు ఏం చేయాలో చెబుతూ ఉంటారు. వారికి ముందుగా అపార్ట్‌మెంటు పేరు, దగ్గరి గుర్తు, అంతస్తు చెప్పాలి. వాచ్‌మన్‌కు కేక వేస్తే గేటు తెరిచి, లిఫ్టు కిందికి దించి ఉంచుతాడు.

బిడ్డ వెంటనే దగ్గి, ఏడ్చి, మామూలైపోయినా, ముఖం మునిగి ఊపిరి ఆగిందన్న అనుమానం ఏ మాత్రం ఉన్నా ఆసుపత్రికి తీసుకువెళ్ళాలి. ఊపిరితిత్తుల్లోకి వెళ్ళిన కొద్దిపాటి నీరు చేసే వాపు తొలి గంటల్లో పెరుగుతుంది. ఊపిరి వేగం పెరగడం, ఊపిరి పీల్చినప్పుడు పక్కటెముకల కింద గుంటలు పడడం, ఆగని దగ్గు, పెదవులు నీలంగా మారడం, పాలు తాగకుండా మగతగా ఉండడం దాని గుర్తులు. సాధారణంగా కొన్ని గంటల పాటు ఆక్సిజన్ స్థాయి చూస్తూ ఉంచుకుని, మార్పు లేకపోతే పంపిస్తారు. స్నానంలో ఒక గుక్క నీరు మింగి, ఒకసారి దగ్గి, నవ్వుతూ ఆడుకునే బిడ్డ విషయం వేరు, దానికి భయపడనక్కరలేదు. ఆసుపత్రిలో వైద్యులకు చెప్పవలసినవి మూడు: ఎంతసేపు నీటిలో ఉండి ఉంటుంది, తీసినప్పుడు ఊపిరి ఉందా, మీరు ఏం చేశారు. సమయం సరిగా తెలియకపోతే బిడ్డను చివరిసారి చూసిన గడియను చెప్పండి, అంచనా వారు వేసుకుంటారు.